ఐదు అంగలు, మూడు అంగలు: ఎలియట్ వేవ్ కౌంట్ ఎక్కడ తప్పుతుంది?

పెద్ద దిశలో సాగేటప్పుడు ధర ఐదు అంగల్లో నడుస్తుంది, ఆ దిశకు ఎదురు తిరిగినప్పుడు మూడు అంగల్లో నడుస్తుంది. ఎలియట్ వేవ్ పద్ధతి మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడింది. ఐదు అంగల కదలికను ఇంపల్స్ అంటారు. అందులో 1, 3, 5 వేవ్‌లు ముందుకు పోతాయి, 2, 4 వేవ్‌లు కొంత వెనక్కి తగ్గుతాయి. ఐదూ పూర్తయ్యాక ఎ, బి, సి అనే మూడు వేవ్‌ల కరెక్షన్ వస్తుంది. మార్కెట్ పడిపోతున్నప్పుడు ఇదే బొమ్మను తలకిందులు చేసి చూడాలి.

ఈ పద్ధతిని రూపొందించిన రాల్ఫ్ నెల్సన్ ఎలియట్ (1871-1948) స్టాక్ బ్రోకర్ కాదు, అమెరికన్ అకౌంటెంట్. చాలా ఏళ్లు రైల్వే సంస్థల లెక్కలు సరిదిద్దాడు. జబ్బుపడి ఉద్యోగం మానుకున్నాక, 1930లలో డౌ జోన్స్ సూచీ చార్టులను ఏళ్లవి, నెలలవి, చివరికి గంటలవి కూడా ముందేసుకుని కూర్చున్నాడు. అతని పరిశీలనలు 1938లో పుస్తకంగా వచ్చాయి. ఇప్పుడు అందరూ వాడుతున్న నియమాల రూపం మాత్రం ఎ.జె.ఫ్రాస్ట్, రాబర్ట్ ప్రెక్టర్ కలిసి 1978లో వెలువరించిన పుస్తకం నుంచి వచ్చింది.

పద్ధతి వినడానికి తేలిక, చార్ట్ మీద పెట్టేటప్పుడే చిక్కు. ప్రతి వేవ్ లోపల మళ్లీ చిన్న వేవ్‌లుంటాయి. పెద్ద 1వ వేవ్‌ను విడదీస్తే లోపల ఐదు చిన్నవి కనిపించాలి. పెద్ద 2వ వేవ్‌లో మూడు కనిపించాలి. ఆ చిన్నవాటిలో ఇంకా చిన్నవి ఉంటాయి. ఇలా అంతస్తుల మీద అంతస్తులు ఉన్నప్పుడు ఏ మలుపును ఏ అంతస్తులో చేర్చాలన్నది లెక్కించేవాడి చేతిలోకి పోతుంది. మార్కెట్ పెరుగుతుందని ముందే నమ్మినవాడికి చార్ట్‌లో 2వ వేవ్ కనిపిస్తుంది. పడుతుందని నమ్మినవాడికి అదే చోట సి వేవ్ మొదలు కనిపిస్తుంది. ఇద్దరూ నిజాయితీగానే లెక్కపెట్టి ఉండవచ్చు. ఈ వెసులుబాటును కుదించడానికి ఇంపల్స్‌కు మూడు కచ్చితమైన నియమాలు పెట్టారు.

మొదటి నియమం ప్రకారం 2వ వేవ్ ఎంత వెనక్కి వచ్చినా, 1వ వేవ్ మొదలైన స్థాయిని దాటి పోకూడదు. తొంభై శాతం తుడిచిపెట్టుకుపోయినా ఫర్వాలేదు. మొదలును దాటిన మరుక్షణం కొత్త ఇంపల్స్ మొదలైందన్న ఊహే కూలిపోతుంది, ఎందుకంటే అసలు అడుగు ఇంకా పడలేదని తేలినట్టే.

రెండో నియమాన్ని ఎక్కువమంది తప్పుగా గుర్తుపెట్టుకుంటారు. 3వ వేవ్ అన్నింటికంటే పొడవైనది కావాలని ఆ నియమం చెప్పదు. 1, 3, 5 మూడింటిలో అది అన్నింటికంటే పొట్టిది కాకూడదని మాత్రమే చెబుతుంది. 5వ వేవ్ 3 కన్నా పొడవు కావచ్చు, 1 కూడా కావచ్చు, రెండూ ఒకేసారి కాకూడదు. దీనిలో ఒక ఉపయోగం దాగి ఉంది. ఏదైనా కౌంట్‌లో 3వ వేవ్ 1 కంటే పొట్టిగా తేలితే, 5వ వేవ్ ఎంతవరకు పోగలదో ముందే తెలిసిపోతుంది: 3వ వేవ్ పొడవును మించి పోకూడదు. మించితే కౌంట్ తప్పు.

మూడో నియమం ప్రకారం 4వ వేవ్ కిందికి దిగేటప్పుడు 1వ వేవ్ నడిచిన ధరల మేరలోకి రాకూడదు. పెరిగే మార్కెట్‌లో 1వ వేవ్ శిఖరం కంటే 4వ వేవ్ అడుగు పైనే ఉండాలి. ఇంపల్స్‌కు ఉండే దూకుడును కొలిచే పరీక్ష ఇది. 1వ వేవ్ ఆగిన చోటికి 4వ వేవ్ మళ్లీ వచ్చిందంటే, ఆ కదలిక ముందుకు నెట్టుకుపోవడం లేదు, అక్కడక్కడే తిరుగుతోంది. డయాగనల్ అనే ఇరుకైన ఆకారానికి ఒక్కదానికే ఇందులో మినహాయింపు ఉంది. అందులో 4వ వేవ్ 1వ వేవ్ మేరలోకి వస్తుంది. ఇంపల్స్ 1వ వేవ్ చోట, 5వ వేవ్ చోట, కరెక్షన్‌లో ఎ, సి వేవ్‌ల చోట మాత్రమే డయాగనల్‌కు అనుమతి. నియమం దెబ్బతిన్న ప్రతిసారీ దీన్ని అడ్డం పెట్టుకోవడం చార్ట్ చూసేవారికి బాగా అలవాటైన తప్పుకోలు.

ఈ నియమాలు చార్ట్ మీద ఎలా పనిచేస్తాయో చూడడానికి నిఫ్టీ 50 సూచీలో 2022 జూన్ నుంచి సాగిన కదలిక చక్కని ఉదాహరణ. అంకెల్లో దశాంశాలను సవరించి చూద్దాం. 2022 జూన్ 17న సూచీ 15,183 దగ్గర అడుగు తాకింది. డిసెంబర్ 1న 18,888కి చేరింది. 2023 మార్చి 20న 16,828కి తగ్గింది. సెప్టెంబర్ 15న 20,222కి పెరిగి, అక్టోబర్ 26న 18,838కి దిగింది. పైకి, కిందికి, పైకి, కిందికి. 2023 అక్టోబర్ చివర ఈ చార్ట్ చూసినవాడికి 1, 2, 3, 4 అని రాసేయాలనిపించడం సహజం. ఇక 5వ వేవ్ మిగిలింది, అది పూర్తయితే పెద్ద కరెక్షన్ వస్తుంది, కాబట్టి పెరిగినప్పుడు అమ్ముకోవాలన్నది ఈ కౌంట్ నుంచి వచ్చే సలహా.

నియమాలను ఒక్కొక్కటిగా పెట్టి చూద్దాం. 1వ వేవ్ 3,705 పాయింట్లు. 2వ వేవ్ అందులో 2,060 పాయింట్లు, అంటే దాదాపు 56 శాతం వెనక్కి తీసుకుంది. 15,183ను దాటలేదు కాబట్టి మొదటి నియమం నిలిచింది. మూడో నియమం దగ్గరికొచ్చేసరికి 1వ వేవ్ శిఖరం 18,888, 4వ వేవ్ అనుకున్నదాని అడుగు 18,838. యాభై పాయింట్లు లోపలికి వచ్చింది. నియమం తెగింది.

యాభై పాయింట్లంటే సూచీలో పావు శాతం కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఇంత చిన్న తేడాకు కౌంట్‌ను పారేయాలా అనే వాదన ఇక్కడే మొదలవుతుంది. ఆ వాదనకు బలమిచ్చే అంకె కూడా ఒకటి ఉంది. రోజు మధ్యలో తాకిన గరిష్ఠ, కనిష్ఠాలను వదిలేసి ముగింపు ధరలే తీసుకుంటే, 2022 డిసెంబర్ 1న నిఫ్టీ 18,812 వద్ద ముగిసింది, 2023 అక్టోబర్ 26న 18,857 వద్ద. ఇప్పుడు 4వ వేవ్ 1వ వేవ్ శిఖరం కంటే నలభై అయిదు పాయింట్లు పైనే ఉంది, నియమం బతికింది! ఒకే చార్ట్ మీద ఒకే నియమం, కొలత మారితే తీర్పు మారింది. కొలత దేనితో అన్నది లెక్క మొదలుపెట్టే ముందే తేల్చుకుని చివరిదాకా అదే వాడాలి. పొద్దున గరిష్ఠ, కనిష్ఠాలతో మొదలుపెట్టి, నియమం తెగిందని తెలిశాక సాయంత్రం ముగింపు ధరల వైపు జారడం లెక్క కాదు, సర్దుబాటు.

సరే, ముగింపు ధరల పక్షం వహించేవాడికి రాయితీ ఇద్దాం. డయాగనల్ అని వాదించేవాడికీ ఇద్దాం. అప్పుడు రెండో నియమం ముందుకొస్తుంది. వారు 3వ వేవ్ అంటున్నది 16,828 నుంచి 20,222 వరకు, అంటే 3,394 పాయింట్లు. 1వ వేవ్ 3,705 కంటే ఇది పొట్టిది. కాబట్టి 5వ వేవ్ 3,394 పాయింట్లను మించకూడదు. 18,838కి దాన్ని కలిపితే 22,232. కౌంట్ సరైనదైతే సూచీ ఈ గీత దాటకూడదు. 2023 అక్టోబర్‌లోనే ఈ అంకెను కాగితం మీద రాసుకోవచ్చు, దానికి ఏ జోస్యమూ అక్కర్లేదు. 2024 మార్చి మొదటి వారానికల్లా నిఫ్టీ 22,500 దగ్గర ఉంది. పాయింట్లు కాకుండా శాతాల్లో కొలవాలనేవారి లెక్కలో కూడా 3వ వేవ్ 20 శాతం, 1వ వేవ్ 24 శాతం. గీత 22,640 దాకా జరుగుతుంది, అంతే. ఏప్రిల్‌లో అదీ దాటిపోయింది. ముగింపు ధరలతో లెక్కించినా ఫలితం ఇదే. మొదటి చూపులో అందరికీ నచ్చిన 1-2-3-4 అలా పూర్తిగా రద్దయింది. 22,232 దగ్గర అమ్మకానికి దిగి, ఆ గీత దాటాక కూడా మొండిగా పట్టుకుని కూర్చున్నవాడు సెప్టెంబర్ దాకా నష్టం మోయాల్సి వచ్చి ఉంటుంది.

మరి సరైన కౌంట్ ఏది? నియమాలు దీనికి సూటిగా జవాబు చెప్పవు. తప్పినవాటిని తీసేస్తాయి, మిగిలినవాటిని మన ముందు పెడతాయి. ఇక్కడ ప్రధానంగా రెండు మిగిలాయి. ఒకదాని ప్రకారం 2023 సెప్టెంబర్ శిఖరం పెద్ద 3వ వేవ్ ముగింపు కాదు, దాని లోపలి మొదటి చిన్న వేవ్. అక్టోబర్ అడుగు లోపలి రెండో చిన్న వేవ్. రెండోది ఇంకొంచెం వెనక్కి, 2021 అక్టోబర్ శిఖరం 18,604 దాకా చూస్తుంది. అక్కడి నుంచి 15,183 వరకు ఎ, 18,888 వరకు బి, 16,828 వరకు సి. అంటే ఆ పదిహేడు నెలలూ ఒకే పెద్ద కరెక్షన్, అసలు ఇంపల్స్ 2023 మార్చిలోనే మొదలైంది.

ఈ రెండో కౌంట్‌ను అర్థం చేసుకోవాలంటే కరెక్షన్ రకాలు తెలియాలి. అన్నింటికంటే సూటిగా ఉండేది జిగ్‌జాగ్. అందులో ఎ వేవ్ ఐదుగా, బి మూడుగా, సి ఐదుగా విడిపోతాయి. ధర నిటారుగా పడుతుంది, బి ఎక్కువ దూరం కోలుకోలేదు. రెండో రకం ఫ్లాట్. అందులో ఎ మూడు, బి మూడు, సి ఐదు. బి దాదాపు ఎ మొదలైన చోటికి తిరిగి వస్తుంది, ఒక్కోసారి దాన్ని దాటుతుంది. మూడో రకం ట్రయాంగిల్‌లో ఐదు అంగలుంటాయి, కానీ ప్రతి అంగా లోపల మూడుగానే ఉంటుంది. మూడు అంగల కరెక్షన్ అన్న మాటకు ఇది పైకి విరుద్ధంగా కనిపిస్తుంది. కొత్తవారు ట్రయాంగిల్‌ను ఇంపల్స్‌గా లెక్కపెట్టేది కూడా ఇందుకే. ఇవి చాలకపోతే, ఒక కరెక్షన్ వెనక ఇంకొకటి ఎక్స్ వేవ్‌తో అతుక్కుని మిశ్రమంగా సాగవచ్చు.

2021-23 నిఫ్టీ ఈ కొలతల్లో ఎక్కడ సరిపోతుంది? ఎ పొడవు 3,421 పాయింట్లు. అది 2021 డిసెంబర్‌లో, 2022 మార్చిలో, జూన్‌లో మూడుసార్లు పడుతూ, మధ్యలో పెద్దగా కోలుకుంటూ, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ సాగింది. అలాంటిదాన్ని ఐదుగా లెక్కపెట్టడం కష్టం. కాబట్టి జిగ్‌జాగ్ పోయి ఫ్లాట్ మిగిలింది. బి పొడవు 3,705, అంటే ఎ మొత్తాన్ని తిరిగి తీసుకుని ఇంకా ఎనిమిది శాతం పైకి పోయింది. సి 16,828 దగ్గరే ఆగింది, ఎ అడుగును తాకలేదు. బి దాటిపోయి, సి అందుకోలేకపోయే ఈ ఆకారాన్ని రన్నింగ్ ఫ్లాట్ అంటారు. కింది మద్దతు అంత బలంగా ఉందని దీని అర్థం. అయితే ఇది చాలా అరుదని ఫ్రాస్ట్, ప్రెక్టర్ హెచ్చరించారు. రన్నింగ్ ఫ్లాట్ అని పేరు పెట్టాలనిపించినప్పుడల్లా, కరెక్షన్ ఇంకా పూర్తి కాకముందే పూర్తయిందని తొందరపడ్డామేమోనని ఒకసారి అనుమానించుకోవాలి.

ఈ కౌంట్‌కు అనుకూలంగా ఒక సంగతుంది. 2022 జూన్-డిసెంబర్ పెరుగుదల లోపల ఐదు శుభ్రంగా కనిపించవు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో 18,000 చుట్టూ తిరిగి, సెప్టెంబర్ చివర 16,750 కిందికి దిగి, మళ్లీ పైకి వెళ్లింది. దీన్ని మూడుగా చదవడమే తేలిక. మూడుగా చదివితే అది 1వ వేవ్ కాలేదు, బి కావచ్చు. పై పొర ఆకారం నచ్చిందని లోపలి పొర విప్పి చూడకపోవడం తప్పుడు కౌంట్లకు పెద్ద మూలం. మలుపు ఎంత ఎత్తుగా ఉందన్నదాని కంటే, ఆ మలుపు దాకా వచ్చిన కాలు ఐదుగా విడిపోతుందా మూడుగానా అన్నదే ఎక్కువ చెబుతుంది.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతుంది. మిగిలిన రెండు కౌంట్లకూ పేర్లు వేరు, అంతస్తులు వేరు, చరిత్ర వేరు. కానీ 2023 అక్టోబర్ 26 తర్వాత ఏం జరగాలన్నదాంట్లో రెండూ ఒకటే. రెండింటి ప్రకారమూ బలమైన మూడో అంగ మొదలవుతోంది. రెండూ తప్పని తేలే స్థాయి కూడా ఒకటే, 16,828. అది తెగితే రెండూ పోతాయి. అలాంటప్పుడు ఏది నిజమని తగువు పడాల్సిన పనిలేదు. స్టాప్ లాస్ ఎక్కడ పెట్టాలో తెలిసింది, చాలు. రెండు కౌంట్లు ఎదురెదురు దిక్కులు చూపించినప్పుడు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోవడమే దారి. అనుభవజ్ఞులు ప్రతి చార్ట్‌కూ ప్రధాన కౌంట్‌తో పాటు ప్రత్యామ్నాయ కౌంట్ రాసిపెట్టుకునేది దీనికే.

16,828 నుంచి మొదలైన ఇంపల్స్‌ను చివరిదాకా లెక్కపెడితే ఇలా వస్తుంది. 1వ వేవ్ 20,222 వరకు, 2వ వేవ్ 18,838 వరకు, 3వ వేవ్ 2024 జూన్ 3న 23,339 వరకు. మర్నాడు లోక్‌సభ ఎన్నికల ఫలితాలు. సూచీ 21,281కి కూలింది. అది 4వ వేవ్. సెప్టెంబర్ 27న 26,277 దగ్గర 5వ వేవ్. పొడవులు వరుసగా సుమారు 3,400, 4,500, 5,000. మూడోది పొట్టిది కాదు. ఎన్నికల రోజు భయంలో కూడా 4వ వేవ్ 20,222కి వెయ్యి పాయింట్ల పైనే ఆగింది. మూడు నియమాలూ నిలిచాయి. అయినా ఈ కౌంట్‌కు లోపం లేకపోలేదు. 3వ వేవ్ లోపల 2024 జనవరి నుంచి మే దాకా ధర ఎగుడుదిగుడుగా ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుంటూ నడిచింది, లోపలి ఐదును గీయడానికి బాగా శ్రమపడాలి. నియమాలు పాసైన కౌంట్ కూడా అనుమానానికి అతీతం కాదు.

నియమాలు కాక ధోరణులు అనదగినవి చాలా ఉన్నాయి. 2వ వేవ్ నిటారుగా పడితే 4వ వేవ్ అడ్డంగా సాగుతుందనేది ఒకటి. వెనక్కి తగ్గే మేర ఫిబొనాచీ నిష్పత్తులైన 38 లేదా 62 శాతానికి దగ్గరగా ఉంటుందనేది ఇంకొకటి. ఇవి తప్పినంత మాత్రాన కౌంట్ రద్దు కాదు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. 62 శాతం అంకె కచ్చితంగా కుదిరిందని మురిసిపోయి, వేవ్ 4 వేవ్ 1లోకి చొచ్చుకువచ్చిన సంగతి చూసీ చూడనట్టు వదిలేస్తారు. ముందు మూడు నియమాలు, తర్వాత లోపలి ఐదూ మూడూ, ఆ తర్వాతే ధోరణులు. మిగిలిన కౌంట్లలో ఏది మెరుగో తేల్చడానికే ధోరణులు పనికొస్తాయి.

వీటిలో ఒకటి 2025లో చక్కగా కుదిరింది. ఐదు పూర్తయ్యాక వచ్చే కరెక్షన్ తరచుగా అంతకుముందరి 4వ వేవ్ నడిచిన మేరలో ఆగుతుందని అంటారు. ఇక్కడ ఆ మేర 23,339 నుంచి 21,281 వరకు. అమెరికా సుంకాల కలకలంలో 2025 ఏప్రిల్ 7న నిఫ్టీ తాకిన అడుగు 21,744, సరిగ్గా ఆ మేరలోపల.

అయితే ఆ కరెక్షన్ లోపలి నడక చూస్తే పద్ధతి బలహీనత కూడా బయటపడుతుంది. 26,277 నుంచి నవంబర్‌లో 23,263కి పడింది. డిసెంబర్‌లో 24,857కి కోలుకుంది. 2025 మార్చి 4న 21,965కి దిగింది. ఎ, బి, సి స్పష్టంగా కనిపించాయి. కరెక్షన్ ముగిసిందని ఎవరైనా అంటే తప్పుపట్టలేం. సూచీ నెల తిరగకుండా 23,870కి కూడా ఎక్కింది. తర్వాత ఏప్రిల్‌లో మార్చి అడుగును తెంచుకుని కిందికి పోయింది. కరెక్షన్ ఇంకో రెండు అంగలు పెంచుకుంది. ఇందులో ఏ నియమమూ తెగలేదు, ఎందుకంటే మిశ్రమ కరెక్షన్లకు అనుమతి ఉంది. ఇంపల్స్‌ను మూడు నియమాలు గట్టిగా కట్టేస్తాయి, కరెక్షన్‌కు అంత కట్టుబాటు లేదు. కరెక్షన్ నడుస్తుండగానే అది ముగిసిందని తేల్చేవారు ఎక్కువగా తప్పుతారు. ఈ విషయంలో గట్టిగా పట్టుకోదగిన నియమం ఒకటే: ఎదురు దిశలో ఐదు అంగలు మాత్రమే వచ్చి ఆగితే అది కరెక్షన్ మొత్తం కాదు, ఎ వేవ్ మాత్రమే. కోలుకున్నట్టు కనిపించినా ఇంకో సి వేవ్ బాకీ ఉంటుంది.

నిపుణులు కూడా దీనికి అతీతులు కారు. 1987 అక్టోబర్ పతనానికి ముందు హెచ్చరించి పేరు తెచ్చుకున్న ప్రెక్టర్, 1995లో రాసిన పుస్తకంలో అమెరికా మార్కెట్లు శిఖరం చేరాయని, సుదీర్ఘ పతనం రాబోతోందని చెప్పాడు. ఆ తర్వాత డౌ జోన్స్ ఐదేళ్లు పెరుగుతూనే పోయింది. పైన నిఫ్టీకి వేసిన లెక్కలో ఎక్కువ భాగం కూడా మలుపులు గడిచిపోయాక గీసిందే. 2023 అక్టోబర్‌లో నిలబడి ముందుకు చూసినవాడి చేతిలో కచ్చితంగా ఉన్నవి రెండు అంకెలు: పైన 22,232, కింద 16,828. మొదటిది దాటితే ఒక కౌంట్ పోతుంది, రెండోది తెగితే మిగిలిన రెండూ పోతాయి.